పెన్షన్ కాగితంలో 8.093

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని నస్రుల్లాబాద్ మండలంలో, 2004 సెప్టెంబరుకు ముందే సర్కారు కొలువులో చేరిన ఒక పంతులుగారు 61 ఏళ్లకు రిటైరయ్యారనుకుందాం. నెలకు 40,000 రూపాయల మూల పెన్షన్ ఖాయమైంది. అందులో 40 శాతం వరకు ప్రభుత్వానికి అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. కొలువుల వాళ్లు దీన్నే కమ్యుటేషన్ అంటారు. కూతురి పెళ్లికో, ఇంటి మీద రెండో అంతస్తుకో పనికొస్తుందని చాలామంది పూర్తి 40 శాతమూ అమ్ముతారు. మన పంతులుగారూ అంతే. నెలకు 16,000 వదులుకున్నారు. అంటే ఏడాదికి 1,92,000.

దానికి బదులుగా ఎంత వస్తుంది? కాగితంలో ఒక గుణకం ఉంటుంది: 8.093. వచ్చే పుట్టినరోజుకు 62 నిండేవారికి పట్టికలో ఉన్న సంఖ్య ఇది. 1,92,000ను దీంతో గుణిస్తే 15,53,856 రూపాయలు. అదే చేతికొచ్చే మొత్తం. ఇక నెలనెలా 16,000 కోత పడుతుంది. పదిహేనేళ్లు గడిచాక అమ్ముకున్న భాగం తిరిగి పెన్షన్‌లో కలుస్తుంది. ఈ లోపు కోతలన్నీ కూడితే 28,80,000.

తీసుకున్నది పదిహేనున్నర లక్షలు, కట్టింది దాదాపు ఇరవై తొమ్మిది లక్షలు. పెన్షనర్ల సమావేశాల్లో ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టినప్పుడల్లా గొడవ మొదలవుతుంది. నిజానికి వాటిని అలా పక్కపక్కన పెట్టడమే తప్పు. ఈరోజు రూపాయి, పద్నాలుగేళ్ల తర్వాతి రూపాయి ఒకటి కావు. పైగా ఆ పద్నాలుగేళ్ల తర్వాతి రూపాయి కట్టడానికి మనిషి ఉంటాడో లేదో తెలియదు. 8.093లో ఈ రెండు సంగతులూ కలిసి ఉన్నాయి. దీన్ని విప్పి చూస్తే జీవిత బీమా కంపెనీలు, పెన్షన్ నిధులు ఎంతో కాలంగా నడుపుతున్న లెక్క మొత్తం కనిపిస్తుంది.

మొదటి సంగతి వడ్డీ. చిట్టీ వేసినవారికి ఇది కొత్త కాదు. మొదటి నెలలోనే పాట పాడి ఎత్తుకున్నవాడు తరుగు భరిస్తాడు, చివరిదాకా ఆగినవాడు నిండు మొత్తం తీసుకుంటాడు. కమ్యుటేషన్ పట్టికలో తరుగు రేటు ఏడాదికి 8 శాతం. ఏడాది తర్వాత రావలసిన రూపాయి విలువ ఇప్పుడు 92.6 పైసలు. పదేళ్ల తర్వాతిది 46.3 పైసలు. పద్నాలుగేళ్ల తర్వాతిది 34 పైసలు.

ఏడాది మొదట్లో ఒక కిస్తీ చొప్పున పదిహేను కిస్తీలు తప్పకుండా వస్తాయనుకుని వాటి నేటి విలువలు కూడితే 9.244 వస్తుంది. చావుకు ఎక్కడా చోటివ్వని లెక్క ఇది. పంతులుగారి చేతికి రావలసింది అప్పుడు 17,75,000 దాకా ఉండేది. కాగితంలో ఉన్నది మాత్రం 8.093. మధ్యలో 2,21,000 రూపాయలు ఎటు పోయాయి?

రెండో సంగతి అక్కడే ఉంది. పంతులుగారు పదిహేనేళ్లూ బతికి ఉంటేనే కోత నడుస్తుంది. మధ్యలో కాలం చేస్తే మిగిలిన బాకీ ఆయనతోనే పోతుంది. కుటుంబం దగ్గర వసూలు చేయరు, భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లోనూ ఆ మేరకు కోత పెట్టరు. కాబట్టి ప్రభుత్వం చేతిలో ఉన్నది అప్పు పత్రం కాదు, ఒక మనిషి బతుకు మీద ఆధారపడిన ఆదాయం. అలాంటి దానికి వెల కట్టాలంటే ప్రతి కిస్తీనీ రెండుసార్లు తగ్గించాలి. వడ్డీ కోసం ఒకసారి, ఆ రోజుకు మనిషి ఉండే అవకాశం కోసం ఇంకోసారి.

లెక్క నడకను చూడటానికి ఒక చిన్న పట్టిక అనుకుందాం. ఇందులోవి ప్రభుత్వ పట్టికలోని అసలు మరణ రేట్లు కావు, వాటికి దగ్గరగా ఉండేలా ఎంచుకున్న అంకెలు. ఒకే రోజున 61 ఏళ్లకు రిటైరైన వెయ్యి మంది ఉన్నారు. ఏడాది తర్వాత 983 మంది మిగిలారు, రెండేళ్లకు 965, ఐదేళ్లకు 902, పదేళ్లకు 770, పద్నాలుగేళ్లకు 639.

మొదటి కిస్తీ ఇప్పుడే, అందరూ ఉన్నారు, అందుకని నిండు 1. రెండోది ఏడాది తర్వాత. వడ్డీ తరుగు 0.926, బతికి ఉండే అవకాశం 0.983, గుణిస్తే 0.910. ఇలాగే పోతే పదేళ్ల తర్వాత పడే పదకొండో కిస్తీకి తరుగు 0.463, అవకాశం 0.770, గుణిస్తే 0.357. అంటే అప్పటి 1,92,000 ఈరోజు లెక్కలో 68 వేల చిల్లరే. చివరిదైన పదిహేనో కిస్తీ విలువ 42 వేలకు కూడా రాదు. పదిహేనింటినీ కూడితే 8.098. పట్టికలోని 8.093కు ఐదు వెయ్యోవంతుల దూరం.

గణితంలో దీన్ని ఒక్క వరుసలో రాస్తారు:

```
APV = Σ v^t · tpx      (t = 0, 1, 2, ... 14)
```

ఇందులో v అంటే ఏడాది తరుగు, ఇక్కడ 1/1.08. tpx అంటే x వయసున్న మనిషి మరో t ఏళ్లు బతికే సంభావ్యత. APV అనేది ఆ ఆదాయపు నేటి విలువ. దీని వెనుక పెద్ద మాయేమీ లేదు. పనంతా సరైన tpx అంకెలు సంపాదించడంలో ఉంది.

ఆ అంకెలు లేనప్పుడు ఏమవుతుందో పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు చూపించింది. అక్కడి ప్రభుత్వం జీవితాంతం ఏటా డబ్బిచ్చే పత్రాలను ఏడేళ్ల రాబడి వెలకే అమ్మింది. కొనేది చిన్నపిల్లల పేరు మీదైనా, ముసలివాళ్ల పేరు మీదైనా ఒకటే ధర. తోకచుక్క వల్ల మనకు తెలిసిన ఎడ్మండ్ హేలీ 1693లో బ్రెస్లా నగరపు జనన మరణ లెక్కలు తీసుకుని ఏ వయసులో ఎంతమంది మిగులుతారో పట్టిక వేశాడు. 6 శాతం వడ్డీ మీద 20 ఏళ్లవాడి పత్రానికి 12.78 ఏళ్ల రాబడి, 60 ఏళ్లవాడిదానికి 7.60 ఏళ్ల రాబడి సరైన వెల అని చూపాడు. కుర్రవాళ్ల పేరు మీద కొన్నవాళ్లకు ఖజానా దాదాపు సగం ధరకే ఇచ్చేస్తోందన్నమాట.

మళ్లీ మన పట్టికకు వద్దాం. ఇది కేంద్రం ఆరో వేతన సంఘం సిఫారసుతో 2008లో వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లోనూ తర్వాత ఇవే గుణకాలు వాడుకలోకి వచ్చాయి. మరణ రేట్లు ఎల్‌ఐసీ 1994-96 అనుభవం నుంచి తీసుకున్నవి, వడ్డీ 8 శాతం. అంతకుముందున్న పాత పట్టికలో వడ్డీ 4.75 శాతమే. వచ్చే పుట్టినరోజుకు 61 నిండేవారికి పాత గుణకం 9.81, కొత్తది 8.194. ఒక్కసారిగా ఇంత పడిపోవడం ఉద్యోగులకు నచ్చలేదు.

కానీ రెండు పట్టికలనూ పక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పాత పట్టికలో 40 ఏళ్లవారికి గుణకం 15.87. పదిహేను కిస్తీల విలువ, వడ్డీ సున్నా అయినా సరే, పదిహేనుకు మించదు. అంటే పాత పట్టిక వేసింది పదిహేనేళ్ల కోతకు కాదు, చచ్చేదాకా సాగే కోతకు. అప్పట్లో ఒకసారి అమ్ముకున్న పెన్షన్ మళ్లీ వచ్చేది కాదు. కొత్త పట్టికలో 20 ఏళ్లవారికి ఉన్నది 9.188. జీవితాంతపు లెక్కయితే ఆ వయసుకు 8 శాతం వడ్డీ మీద కూడా అది పన్నెండు దాటాలి. చావే లేని పదిహేను వార్షిక కిస్తీల విలువ 9.244 అని ముందే చూశాం. ఇరవై ఏళ్లవాళ్లలో చావులు అరుదు గనుక 9.188 దానికి కాస్త కింద ఆగింది. కాబట్టి కొత్తది పదిహేనేళ్లకే పరిమితమైన లెక్క అని ఆ ఒక్క అంకే చెప్పేస్తోంది.

ఈ మార్పు వెనుక ఒక తీర్పు ఉంది. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో అమ్ముకున్న భాగాన్ని పదిహేనేళ్లకు పునరుద్ధరించాలని తేల్చింది. డబ్బు పన్నెండేళ్లకే తీరిపోతుందన్నది అప్పటి పెన్షనర్ల వాదన. ఒకేసారి పెద్ద మొత్తం చేతికి రావడం, మనిషి పోతే నష్టం ప్రభుత్వానిదే కావడం అనే రెండు లాభాలను కోర్టు లెక్కలోకి తీసుకుని పదిహేను దగ్గర ఆగింది. అలా జీవితాంతపు గుణకం మీద డబ్బు తీసుకున్నవాళ్లకు కోత మాత్రం పదిహేనేళ్లకే ఆగింది. 2008 దాకా రిటైరైన కేంద్ర ఉద్యోగులకు కలిసొచ్చిన కాలమది.

ఇప్పుడు పదిహేనేళ్లు ఎక్కువన్న వాదన మళ్లీ కోర్టులకు ఎక్కింది. తెలంగాణలోనూ పెన్షనర్లు హైకోర్టు దాకా వెళ్లారు. ఇదే వాదనతో వచ్చిన పిటిషన్లను పంజాబ్-హర్యానా హైకోర్టు 2024లో కొట్టివేసింది. కేంద్రంలో ఐదో వేతన సంఘం పన్నెండేళ్లు చాలని సిఫారసు చేసినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. కేరళలో మాత్రం పన్నెండేళ్లే. పెన్షనర్లు చేసే లెక్క సూటిగా ఉంటుంది. 15,53,856 అప్పు, 8 శాతం వడ్డీ, నెలకు 16,000 కిస్తీ. ఏడాదికి నికరంగా 8 శాతం పడేలా చూస్తే ఇది పన్నెండేళ్ల తొమ్మిది నెలలకు తీరిపోతుంది. ఆ తర్వాతి రెండేళ్ల మూడు నెలల కోత ఎందుకు?

ఈ లెక్కలో గుణకార భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి. లోపం వేరేచోట ఉంది. అది ఒక్క మనిషి ఖాతా, పైగా పదిహేనేళ్లూ బతికి ఉన్న మనిషి ఖాతా. అలాంటివాళ్లే పిటిషన్ వేయగలరు. మన వెయ్యి మందినీ ఒకే ఖాతాగా చూస్తే కథ మారుతుంది. పదమూడు వార్షిక కిస్తీలు కట్టేశాక, పద్నాలుగో ఏడు మొదట్లో, ఆ ఖాతాలో ఇంకా 1,265 కిస్తీల బాకీ ఉంటుంది. అప్పటికి మిగిలినవాళ్లు 673 మంది. తలా ఒక్కొక్కరి మీద దాదాపు రెండేళ్ల కిస్తీ. పోయిన 327 మంది కుటుంబాలు కట్టనక్కర్లేని బాకీని ఉన్నవాళ్లు తీరుస్తున్నారు. ఆ చివరి రెండేళ్ల చిల్లర కోత ప్రభుత్వం మిగుల్చుకున్న లాభం కాదు, బీమా ప్రీమియం. తాను తొందరగా పోతే భార్యాపిల్లల మీద బాకీ పడకూడదని ప్రతి ఒక్కరూ మొదటిరోజే ఒప్పుకున్న ఖర్చు అది. ఒప్పుకున్నట్టు వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదన్నది వేరే మాట, నిజమైన మాట.

కోతను పన్నెండేళ్లకే ఆపి, వడ్డీ 8 శాతమే ఉంచితే న్యాయమైన గుణకం మన అంకెల ప్రకారం 7.352. పంతులుగారికి పదిహేనున్నర లక్షలకు బదులు 14,12,000 దగ్గర ఆగిపోయేది. మొత్తం తగ్గకుండా ఏళ్లు మాత్రమే తగ్గించాలంటే వడ్డీ 6 శాతానికి కొంచెం కిందకు దిగాలి.

అలాగని పెన్షనర్ల దగ్గర గట్టి వాదన లేదని కాదు. అది ఏళ్ల గురించి కాకుండా పట్టిక గురించి ఉండాలి. ఎల్‌ఐసీ 1994-96 లెక్కల తర్వాత మూడు దశాబ్దాలు గడిచాయి. బీమా రంగం అప్పటినుంచి పట్టికలు మార్చుకుంటూ వచ్చింది. యాన్యుటీలు కొన్నవారికి ఇప్పుడు వాడుతున్నది 2012-15 అనుభవం మీద వేసిన వేరే పట్టిక. మన వెయ్యి మందిలో చావుల జోరు సగానికి తగ్గిందనుకుంటే గుణకం 8.64కు పెరుగుతుంది. పంతులుగారికి లక్ష రూపాయల పైనే అదనంగా రావాలి. చావులను ముట్టుకోకుండా వడ్డీని 8 నుంచి 7 శాతానికి దించినా గుణకం 8.50 అవుతుంది, 77 వేల దాకా తేడా. ఏ పట్టిక, ఏ వడ్డీ అన్నది లెక్క తేల్చే ప్రశ్న కాదు. అవి బయటినుంచి ఎంచి పెట్టేవి. వాటిని ఎన్నేళ్లకోసారి తిరిగి చూడాలన్నదే అసలు అడగవలసింది.

ప్రభుత్వం వైపు కూడా ఒక సడలింపు దాగి ఉంది. పట్టిక వేసిన తీరు ఏడాది మొదట్లోనే మొత్తం కిస్తీ వచ్చేస్తుందన్నట్టుంది. 8 శాతం మీద పదిహేనేళ్ల నెలవారీ కోతకు ఎంత లెక్కవేసినా 8.93 దాటదు. 20 ఏళ్ల వయసుకు 9.188 రావడం వార్షిక కిస్తీల లెక్కలోనే కుదురుతుంది. నిజానికి కోత నెలనెలా పడుతుంది కదా. నెలవారీగా కట్టి చూస్తే మన అంకెల ప్రకారం గుణకం 7.73 దగ్గర తేలుతుంది. ఆ తేడా సుమారు 70 వేలు పంతులుగారికే మిగిలింది. ఈ సంగతి ఏ సమావేశంలోనూ వినపడదు!

ఇంకో జాగ్రత్త కూడా నిబంధనల్లో ఉంది. మామూలుగా రిటైరై ఏడాది లోపు దరఖాస్తు పెడితే వైద్య పరీక్ష అక్కర్లేదు. ఆలస్యమైతే కావాలి. ఎందుకంటే ఆరోగ్యం బాగా లేదని తెలిసినవాడికే పెన్షన్ అమ్ముకోవడం గొప్ప బేరం. అందరికీ ఎప్పుడైనా తలుపు తెరిచి ఉంచితే జబ్బుపడ్డవాళ్లే ముందు వస్తారు, పట్టికలోని 639 మంది నిజంలో 500 అయిపోతారు.

2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి ఈ కమ్యుటేషన్ లేదు. వాళ్లది సీపీఎస్. జీతంలోంచి పోగైన నిధిలో కనీసం 40 శాతంతో రిటైరయ్యే రోజున బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి. అదే లెక్క, కానీ తలకిందులు. పంతులుగారు ఆదాయాన్ని అమ్మి మొత్తం తీసుకుంటే, సీపీఎస్ టీచరమ్మ మొత్తం ఇచ్చి జీవితాంతపు ఆదాయం కొంటుంది. కమ్యుటేషన్‌లో ప్రభుత్వం భయపడేది తొందరగా వచ్చే చావుకు. యాన్యుటీలో కంపెనీ భయపడేది నిండు నూరేళ్లకు. అందుకే కంపెనీలు ఇంకా ఎక్కువకాలం బతుకుతారనే పట్టికను ముందుపెట్టుకుంటాయి. ఒంట్లో బాగున్నవాళ్లే యాన్యుటీ ఇష్టపడి కొంటారన్న అనుభవమూ దానికి తోడు.

జీవితాంతపు విలువ కావాలంటే కూడికను పదిహేను దగ్గర ఆపకుండా చివరి మనిషి ఉన్నంతవరకూ సాగనివ్వాలి. మన అంకెలతో, 8 శాతం మీద, అది 9.29 దగ్గర ఆగుతుంది. పదిహేనేళ్ల తర్వాత కూడా వెయ్యిలో ఆరు వందల మంది ఉంటారు, కొందరు ఇంకో ఇరవై ఏళ్లు లాగుతారు. అయినా ఆ భాగమంతా కలిసి విలువకు చేర్చేది 1.19 మాత్రమే. దూరపు రూపాయిని వడ్డీ అంతగా తినేస్తుంది.

టీచరమ్మ పది లక్షలు పెడితే, కంపెనీ ఖర్చులు పక్కనబెట్టి, ఏడాదికి పది లక్షలను 9.29తో భాగించినంత, అంటే 1,07,600 వస్తుంది. చాలామంది ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు: నేను పోయాక నా పది లక్షలు పిల్లలకు తిరిగి వస్తాయా? వచ్చే రకం పాలసీ ఉంది. దానిలో చావుకు సంబంధించిన లెక్క రద్దయిపోతుంది, కంపెనీ ఇచ్చేది అసలు మీద వడ్డీ మాత్రమే. అదే 8 శాతం మీద ఏడాది మొదట్లో ఇస్తే 74,074. రెంటికీ మధ్య ఉన్న 33,500 రూపాయలు ముందే పోయిన తోటివాళ్ల వాటా. పిల్లలకు అసలు దక్కాలంటే ఆ వాటాను టీచరమ్మ బతికినన్నాళ్లూ ఏటా వదులుకోవాలి. భర్త కూడా బతికి ఉండి తన తర్వాత ఆయనకు కొనసాగాలంటే లెక్కలో ఇంకొక tpx చేరుతుంది, ఇద్దరిలో కనీసం ఒకరు ఉండే అవకాశం. గుణకం పెరుగుతుంది, ఏటా వచ్చే మొత్తం ఆ మేరకు తగ్గుతుంది.